రెండేళ్లు రావాలని కుట్టించే చొక్కా: యూనిఫాం గుడ్డ, కొలతలపై అపోహలు – వాస్తవాలు

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. బెజవాడలో అప్పటికి ఎండ తగ్గదు, పైగా ఉక్కపోత. మే నెలాఖరు నుంచి మా షాపుకి వచ్చే తల్లిదండ్రులు దాదాపు అందరూ రెండు మాటలు చెప్తారు. "మాస్టారూ, ప్యూర్ కాటన్ అయితే చల్లగా ఉంటుందంటగా", "కొంచెం లూజుగా పెట్టండి, రెండేళ్లు రావాలి". రెండూ సగం నిజాలే. ఆ మిగతా సగంతోనే పిల్లలు ఇబ్బంది పడేది.

అపోహ: కాటన్ అని రాసి ఉంటే చల్లన, టెరికాటన్ అయితే వేడి

కాటన్ చెమటను పీల్చుకుంటుంది, పాలిస్టర్ దాదాపు పీల్చుకోదు. అంతవరకు నిజమే. కానీ ఒంటికి చల్లదనం ఇచ్చేది గుడ్డలోంచి గాలి ఆడటం, చెమట ఆరడం. బాగా బిగించి నేసిన, పైన గంజి పూత ఉన్న కాటన్ కంటే కాస్త వదులు నేతతో ఉన్న మిక్స్ గుడ్డే హాయిగా ఉండొచ్చు. ఇంకో సంగతి ఏమిటంటే, మన దగ్గర గాలిలోనే తడి ఎక్కువ. బాగా చెమటలు పట్టే పిల్లాడికి దళసరి కాటన్ చొక్కా మధ్యాహ్నానికి తడిసి వీపుకు అతుక్కుంటుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది.

స్కూలు షర్టు గుడ్డల్లో ఎక్కువగా కనిపించేది 67 పాళ్లు పాలిస్టర్, 33 పాళ్లు కాటన్. ఇస్త్రీ నలగదు, రంగు పోదు, అందుకే స్కూళ్లకూ అమ్మలకూ ఇష్టం. ఎంచుకునే వీలుంటే కాటన్ పాలు సగానికి పైన ఉన్న మిక్స్ తీసుకోండి. ప్యాంటుకైతే పాలిస్టర్–విస్కోస్ మిక్స్ ఫర్వాలేదు, విస్కోస్ కూడా చెమట పీలుస్తుంది.

వస్త్రలతలోనో బీసెంట్ రోడ్డులోనో కొనేటప్పుడు గుడ్డను ఒక పొరగా నోటికి ఆనించి గట్టిగా ఊదండి. రెండో వైపు అరచేయి పెడితే గాలి తగలాలి. తగలకపోతే దాని పేరు ఏదైనా క్లాసులో ఉడికిస్తుంది. నీటి చుక్క వేసి చూడమని కొందరు అంటారు. కొత్త గుడ్డ మీద ఆ పరీక్ష నమ్మొద్దు. పైన ఉండే గంజి పూత వల్ల మంచి కాటన్ మీద కూడా చుక్క జారిపోతుంది. ఒకసారి ఉతికిన ముక్క మీద వేస్తేనే నిజం తెలుస్తుంది.

అపోహ: పల్చన గుడ్డ అయితే చాలు

పల్చని పాలిస్టర్ ఒంటికి అంటుకుని గాలి ఆడనివ్వదు. తెల్ల చొక్కా మరీ పల్చనైతే లోపల బనియన్ తప్పదు, అంటే ఇంకో పొర చేరుతుంది. ఒక్క పొరతోనే ఒళ్లు కనిపించనంత గుడ్డ మేలు.

అపోహ: లేత రంగు వేస్తే క్లాసులో చల్లగా ఉంటుంది

రంగు తేడా తెలిసేది గ్రౌండులో, ఎండలో ప్రేయరుకు నిలబడ్డప్పుడు. నీడలో, రేకుల కప్పు కింద ఫ్యాను తిరిగే గదిలో తెలుపుకూ నీలానికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. రంగు ఎలాగూ స్కూలు వాళ్లదే, దాని గురించి టెన్షన్ పడకండి.

అపోహ: పెద్దది కుట్టిస్తే గాలి ఆడుతుంది, పైగా రెండేళ్లు వస్తుంది

ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూద్దాం. అయిదో తరగతి పిల్లాడు, పొడవు 135 సెంటీమీటర్లు, ఛాతీ 26 అంగుళాలు, భుజం 13. గాలి ఆడటానికి ఛాతీకి 6 అంగుళాలు వదిలి 32 పెడితే చాలు. అమ్మగారు 36 పెట్టమంటారు, భుజం కూడా 15 చేయమంటారు.

ఆ 36 చొక్కా విడిగా వేలాడితే గాలి ఆడేదే. కానీ స్కూల్లో టక్ చేయాలి కదా. మిగిలిన గుడ్డంతా నడుము దగ్గర మూడు నాలుగు మడతలై బెల్టు కింద నలుగుతుంది. పిల్లలకు నడుము చుట్టూ చెమటకాయ వచ్చేది సరిగ్గా అక్కడే. భుజం జారి కుట్టు మోచేయి వైపు దిగుతుంది. చంక కూడా కిందికి దిగుతుంది కాబట్టి పిల్లాడు చెయ్యెత్తగానే చొక్కా మొత్తం పైకి లేస్తుంది, టక్ ఊడుతుంది. మెడ వెడల్పవుతుంది, టై బిగిస్తే కాలర్ కుచ్చెళ్లు పడుతుంది.

పిల్లలు ఈ వయసులో ఏడాదికి దాదాపు 5, 6 సెంటీమీటర్లు ఎదుగుతారు. అందులో సగం పైచిలుకు కాళ్లలోనే. ఛాతీ పెరిగేది ఇంచుమించు ఒక అంగుళం, భుజం సుమారు అర అంగుళం. కాబట్టి ఎదుగుదలకు జాగా వెడల్పులో కాదు, లోపలి మడతల్లో దాచాలి.

ఈ పిల్లాడికైతే నేను భుజం 13½ పెడతాను. భుజాన్ని తర్వాత విప్పి పెంచడం కుదరదు, అందుకే ఆ అర అంగుళం ముందే ఇవ్వాలి. ఛాతీ 32. పక్క కుట్ల దగ్గర ముందు ముక్కకూ వెనక ముక్కకూ ఒక్కో అంగుళం చొప్పున లోపల వదిలేస్తాను. అలాంటి అంచులు మొత్తం నాలుగు, ఒక్కోదాంట్లో అర అంగుళం విప్పినా రెండు అంగుళాలు వస్తాయి. పొడవులో రెండు అంగుళాలు ఎక్కువిస్తాను, టక్‌లో కనపడదు. ప్యాంటుకు కింద మూడు అంగుళాల మడత, నడుము వెనక కుట్టులో అంగుళంన్నర.

విప్పినప్పుడు పాత మడత గీత తెల్లగా కనిపించడం మాత్రం పూర్తిగా పోదు. టెరికాటన్‌లో మరీ ఎక్కువ. కింది మడత మీద ఇస్త్రీ పెట్టె గట్టిగా నొక్కకపోతే కొంత తగ్గుతుంది. ఎనిమిదో తరగతి దగ్గరకొచ్చే మగపిల్లలకూ, ఆరో ఏడో తరగతి ఆడపిల్లలకూ ఈ లెక్క సరిపోదు. ఒక్కసారిగా ఎదిగే వయసు అది. వాళ్లకు రెండేళ్ల ఆశ పెట్టుకోకుండా ఏటా కుట్టించడమే దారి.

అపోహ: కొత్త గుడ్డ నేరుగా కుట్టించేయొచ్చు

కాటన్ పాలు ఎక్కువున్న గుడ్డ కుంచించుకుపోతుంది. ఒక మూల 20 అంగుళాలు పెన్సిలుతో గుర్తు పెట్టి, రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి కొలవండి. 19¼ వస్తే, 22 అంగుళాల చొక్కా పొడవులో ముప్పావు అంగుళానికి పైనే పోతుందన్నమాట. పైన చెప్పిన లెక్కంతా తారుమారు. అందుకే గుడ్డ మొత్తం నానబెట్టాకే కత్తెర పడాలి. సర్కారు బడి కిట్‌లో వచ్చే గుడ్డకైనా ఇదే పద్ధతి.

అపోహ: గుడ్డ స్కూలు వాళ్లే ఇచ్చారు, ఇక చేసేదేం లేదు

గుడ్డ మారకపోయినా కుట్టు మన చేతిలోనే ఉంది. వీపు పైభాగంలో భుజం పట్టీ రెండు పొరలు వేస్తారు, చిన్నపిల్లలకు ఒక్క పొర చాలని చెప్పండి. కాలర్‌లో గట్టి బక్రం బదులు మెత్తటిది వేయమనండి. చొక్కాలకు గంజి మాత్రం పెట్టకండి, నేత సందులన్నీ మూసుకుపోతాయి.

ట్రయల్‌కి పిల్లాణ్ని వెంట తీసుకురండి. టక్ చేసి, బెల్టు పెట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి రెండు చేతులూ పైకి ఎత్తమంటాను. టక్ ఊడినా, చంక కింద గుడ్డ లాగినా, తొడ దగ్గర ప్యాంటు బిగిసినా అప్పుడే సరిచేయొచ్చు. బడి తెరిచాక వస్తే, ఎదుగుదలకు లోపల దాచిన మార్జిన్ అప్పుడే విప్పాల్సి రావొచ్చు.