చెవి చేసే తప్పు, కంటి తప్పు

పాత ఉత్తరాన్ని ఫోన్‌తో ఫోటో తీసి, అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే తెర మీద ఇలా వచ్చిందనుకుందాం:

```
ఈసారి వంట బాగా వచ్చింది. వాన రాకముందే కోసేశాం.
మిగతా సంగతులు 11వ తేదీ సోమవారం కలిసినప్పుడు చెప్తాను.
```

దీన్ని ఇంకో భాషలోకి మార్చాలి. మొదటి వాక్యంలో అచ్చుతప్పు లేదు, వ్యాకరణం బాగుంది, అర్థమూ ఉంది. కానీ రెండో వాక్యంలో కోసింది దేన్ని? వంటను కోయరు కదా. రాసినాయన రాసింది ‘పంట’.

వ, ప అక్షరాలకు పెద్ద తేడా ఉండదు. ‘వ’లో తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది, ‘ప’లో కాస్త ఎడంగా ఉంటుంది. ఆ సందులో సిరా పాకినా, ఫోటో మసకబారినా రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా ఈ సాఫ్ట్‌వేర్లు చాలావరకు అక్షరం ఆకారంతో పాటు పక్క అక్షరాలనూ చూసి, తాము ఎక్కువగా నేర్చుకున్న మాటల వైపు మొగ్గుతాయి. అందుకే తప్పు కూడా చక్కటి మాటగానే బయటికి వస్తుంది. ‘ప్టంబ’ లాంటి చెత్త వస్తే ఎవరికైనా వెంటనే దొరికిపోతుంది. అసలు టెన్షన్ పెట్టేది ‘వంట’ లాంటివే.

అనువాదానికి ముందే దీన్ని పట్టుకోవాలి. తెలుగులో ఉన్నంతసేపూ వంటకీ పంటకీ పోలిక కంటికి కనిపిస్తుంది. ఇంకో భాషలోకి వెళ్లాక వంట చేయడానికి ఒక మాట, పైరుకి ఒక మాట. వాటి మధ్య ఏ పోలికా ఉండదు. తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పే ఆనవాలు పోతుంది. మంచి అనువాదకుడైతే ఇంకా ప్రమాదం: పొసగని రెండో వాక్యాన్ని కూడా ‘వండటానికి కూరలు కోసేశాం’ అన్నట్టు సర్దేస్తాడు.

అందుకని మొదటిసారి అనువాదం చేసే ఉద్దేశం లేకుండా చదవాలి. ఎక్కడ వాక్యం పక్క వాక్యంతో పొసగలేదో అక్కడ ఆగి, ఆ మాటలో ఏ అక్షరం దేనికి పోలి ఉందో చూడాలి. మ అనుకున్నది వు కావచ్చు. ఠ మధ్యలో చుక్క చెరిగిపోతే ర అవుతుంది. ధ కింది గీత పోతే ద మిగులుతుంది. సున్నకీ, అంకె సున్నాకీ తేడా తెలియక 100 కాస్తా ‘1ంం’ అవుతుంది. కాగితం మడత పడ్డ చోట తప్పులు గుంపుగా ఉంటాయి కాబట్టి, ఒక వరుసలో రెండు అనుమానాలు కనిపిస్తే ఆ వరుస మొత్తాన్నీ ఫోటోతో పోల్చి చూడటం మంచిది.

అంకెల్ని వాక్యం కాపాడదు. ‘11వ తేదీ’ అన్నా ‘17వ తేదీ’ అన్నా చదవడానికి ఒకేలా ఉంటాయి. ఇక్కడ వారం పేరు సాయం చేస్తుంది. ఉత్తరం పైన ‘3వ తేదీ, సోమవారం’ అని ఉందనుకోండి. ఏడేసి రోజులు కలుపుకుంటూ పోతే 10, 17 సోమవారాలు. 11 మంగళవారం. అంటే ఆ 11 బహుశా 17. నేనైతే అప్పటికీ ఫోటో పెద్దది చేసి రెండో 1కి పైన అడ్డగీత ఉందా అని చూస్తాను. రాసినాయనే వారం పొరబడి ఉండవచ్చు కదా.

అక్షరాలు గుర్తుపట్టే ప్రోగ్రాంలలో ఒకటైన టెస్సెరాక్ట్ వాడేవాళ్లకు ఇంకో ఆధారం ఉంది:

```
tesseract letter.jpg letter -l tel tsv
```

ఈ ఆదేశం ఇస్తే ప్రతి మాట పక్కనా `conf` అనే గడిలో 0 నుంచి 100 లోపు ఒక అంకె వస్తుంది. అది ఆ మాట మీద ప్రోగ్రాంకి ఉన్న నమ్మకం. తక్కువ వచ్చినవాటిని ముందు చూడండి గానీ, ఎక్కువ వచ్చిందని వదిలేయకండి. ‘వంట’కి మంచి మార్కులే పడవచ్చు. చేతిరాతకైతే ఈ ప్రోగ్రాం పెద్దగా పనికిరాదు. అది తయారైంది అచ్చు అక్షరాల కోసం.

కనిపించిన ప్రతిదాన్నీ దిద్దేయడం కూడా తప్పే. మనిషి తప్పు చెవి నుంచి వస్తుంది, యంత్రం తప్పు కంటి నుంచి వస్తుంది. ‘వొచ్చాను’ అని ఉంటే అది పలికినట్టు రాసుకున్న తీరు, దాన్ని ముట్టుకోకూడదు. ‘రామం’ బదులు ‘రావుం’ అని ఉంటే అది ఆకారం తెచ్చిన తప్పు. ‘బాద’ దగ్గర మాత్రం చిక్కు: వినికిడికీ దగ్గరే, చూపుకీ దగ్గరే. అప్పుడు అదే ఉత్తరంలో ‘ధనం’, ‘ధైర్యం’ ఎలా పడ్డాయో వెతకాలి. అక్కడ ధ సరిగ్గా ఉంటే ఫోటోలో ‘బాద’ దగ్గరికి వెళ్లి కింద గీత జాడ ఉందేమో చూడాలి.

తేలని మాటను [పంట?] అని గుర్తు పెట్టి, అనువాదంలోనూ ఆ ప్రశ్నార్థకాన్ని అలాగే ఉంచుతాను. దాన్ని చదివేవాళ్ల దగ్గర అసలు కాగితం ఉంటే ఒక్క నిమిషంలో తేల్చేస్తారు.