గ్రూప్ లింకులు: అపోహలు – వాస్తవాలు

వాట్సాప్ గ్రూపులు నడిపేవాళ్ల దగ్గర్నుంచి వచ్చే ఫోన్లలో ఒక మాట తప్పకుండా ఉంటుంది. "లింక్ పెట్టింది పది నిమిషాలే అండీ, వెంటనే డిలీట్ చేశాం. అయినా తెలియని నంబర్లు వస్తూనే ఉన్నాయి, ఎవరైనా హ్యాక్ చేశారంటారా?" హ్యాకూ లేదు, గీకూ లేదు. తలుపు తెరిచి ఉంది, వస్తున్నారు. మిగతా అపోహల వల్ల పోయేది కాస్త సమయమే. ఈ ఒక్కదాని వల్ల సభ్యుల డబ్బులు పోతున్నాయి కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: పోస్ట్ డిలీట్ చేస్తే లింక్ పనిచేయదు

వాట్సాప్ గ్రూప్ లింక్ `chat.whatsapp.com/` అని మొదలవుతుంది. దాని వెనక అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి కోడ్ ఉంటుంది. ఆ కోడే తాళంచెవి. మీరు దాన్ని ఎక్కడ పెట్టారు, ఎవరికి పంపారు, ఎప్పుడు తీసేశారు అన్నది ఆ కోడ్‌కి తెలియదు. మీరు డిలీట్ చేసింది తాళంచెవి ఫొటో అంటించిన కాగితాన్ని మాత్రమే. ఈలోపు ఎవరైనా కాపీ చేసుకున్నా, ఫార్వర్డ్ చేసినా, స్క్రీన్‌షాట్ తీసినా వాళ్ల దగ్గరున్న లింక్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. రెండేళ్ల తర్వాత నొక్కినా లోపలికి తీసుకెళ్తుంది. అడ్మిన్ `Reset link` నొక్కేదాకా దానికి చావు లేదు.

పది నిమిషాల్లో ఎవరు చూస్తారులే అనుకోకండి. బహిరంగంగా కనిపించే గ్రూప్ లింకుల్ని ఏరి జాబితాలుగా పెట్టే సైట్లున్నాయి, ఆ ఏరే పని ప్రోగ్రాములు చేస్తాయి. 2020 ఫిబ్రవరిలో వాట్సాప్ గ్రూప్ లింకులు గూగుల్ సెర్చ్‌లో కుప్పలుతెప్పలుగా కనబడి పెద్ద గొడవైంది. ఆ తర్వాత వాట్సాప్ ఆ పేజీలు సెర్చ్‌లోకి ఎక్కకుండా `noindex` గుర్తు పెట్టింది. అయితే ఆ గుర్తు వాట్సాప్ సొంత పేజీలకే. మీ లింక్‌ని ఎవరో వాళ్ల సైట్లో అతికిస్తే ఆ పేజీ మామూలుగానే సెర్చ్‌లో వస్తుంది, దాన్ని వాట్సాప్ ఆపలేదు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక క్లాసు పిల్లల తల్లిదండ్రుల గ్రూప్, 240 మంది. కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక అడ్మిన్ రాత్రి తొమ్మిదింటికి లింక్‌ని అందరికీ కనిపించే పేజీలో పెట్టారు. ఇంకో అడ్మిన్ చూసి కంగారుపడి ఇరవై నిమిషాల్లో తీయించారు. పొద్దున లేచేసరికి తెలియని నంబర్లు పదకొండు. అడ్మిన్ ఒక్కొక్కరినీ తీసేశారు. తర్వాతి రెండు రోజుల్లో ఇంకో ఆరు. వాటినీ తీసేశారు. ఇలా మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు ఒక తల్లికి విడిగా మెసేజ్ వచ్చింది. అడ్మిన్ ఫొటో, అడ్మిన్ పేరు, కొత్త నంబరు. "ఫీజు ఈ ఖాతాకి పంపండి, పాత ఖాతా మారింది."

ఎక్కడ తప్పింది? తీసేసిన పదిహేడు మందిలో ఎవరూ గ్రూప్‌లో ఒక్క మాటా రాయలేదు. వాళ్లకి రాయాల్సిన పనే లేదు. మామూలు గ్రూపులో చేరిన మరుక్షణం సభ్యుల జాబితా, నంబర్లు, పెట్టుకున్న పేర్లు కనబడతాయి. అడ్మిన్ ఎవరో కూడా పక్కనే రాసి ఉంటుంది. చేరకముందు వచ్చిన పాత మెసేజ్‌లు మామూలుగా కనబడవు, నిజమే. కానీ మోసగాడికి కావలసింది పాత కబుర్లు కాదు, ఈ జాబితా. దాన్ని రాసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత వాడే వెళ్లిపోతాడు కూడా. ఎవరైనా బయటికి వెళ్తే ఇప్పుడు వాట్సాప్ అందరికీ చెప్పదు, అడ్మిన్లకే చెబుతుంది. అందుకని సభ్యులకి అలాంటివాడు వచ్చిపోయాడన్న సంగతే పట్టదు.

ఇక్కడే ఇంకొకరు అడుగుతారు, ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అని. ఉంది. మెసేజ్ దారిలో ఎవరూ చదవకుండా అది కాపాడుతుంది. లింక్‌తో లోపలికొచ్చినవాడు దారిలో ఉన్నవాడు కాదు, సభ్యుడు. మీ ఫోన్ అతని కోసం కూడా మెసేజ్‌కి తాళం వేసి, తాళంచెవితో సహా పంపుతుంది.

ఇలా జరిగినప్పుడు పని వరస

చాలామంది చేసే పొరపాటు వరసలోనే ఉంది. ముందు మనుషుల్ని తీసేస్తారు, లింక్ సంగతి తర్వాత. నీళ్లు కారుతున్న కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టు ఉంటుంది ఆ పని. తీసేసిన నంబరుని మీరు ఆపగలిగినా అదే మనిషి ఇంకో సిమ్‌తో వస్తాడు, అతని వెనక అదే లింక్ పట్టుకున్న మరో పదిమంది ఉంటారు.

కాబట్టి మొట్టమొదట లింక్ రీసెట్. గ్రూప్ పేరు మీద నొక్కి, లింక్‌తో ఆహ్వానించే చోటికి వెళ్తే అక్కడే `Reset link` ఉంటుంది. నొక్కగానే పాత కోడ్ చచ్చిపోయి కొత్తది పుడుతుంది. వెంటనే `Group permissions` లోకి వెళ్లి `Approve new members` ఆన్ చేయండి, ఇక అడ్మిన్ ఒప్పుకుంటేనే కొత్తవాళ్లు చేరగలరు. ఫోన్‌ని, వెర్షన్‌ని బట్టి ఈ మాటలు కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు. రెండూ కలిపి అర నిమిషం పని.

ఇల్లు అలకగానే పండగ కాదు. రీసెట్ బయట ఉన్నవాళ్లని ఆపుతుంది, లోపలికొచ్చినవాళ్లని పంపదు. ఇప్పుడు చాట్‌ని లింక్ బయటపడ్డ గంట దాకా వెనక్కి జరపండి. ఎవరైనా చేరినప్పుడు మధ్యలో చిన్న అక్షరాల్లో ఒక వరస వస్తుంది కదా, దాన్ని శ్రద్ధగా చదవండి. ఎవరో చేర్చుకుంటే చేర్చినవాళ్ల పేరు ఉంటుంది, లింక్‌తో వస్తే లింక్‌తో వచ్చినట్టు ఉంటుంది. ఆ రెండో రకం నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, అసలు తల్లిదండ్రుల జాబితాతో పోల్చి, లేనివాళ్లని తీసేయండి. డీపీ చూసి నమ్మకండి, కుటుంబం ఫొటో పెట్టుకోవడం ఎంతసేపు?

అక్కడితో ఆపకుండా సభ్యుల జాబితా అట్టడుగుకి వెళ్లండి. గత 60 రోజుల్లో బయటికి వెళ్లినవాళ్లూ తీసేసినవాళ్లూ అక్కడ కనబడతారు. వచ్చి, జాబితా రాసుకుని, మీకంటే ముందే వెళ్లిపోయినవాడు దొరికేది ఇక్కడే. మన ఉదాహరణలో అసలు మోసం చేసింది తీసేసిన పదిహేడు మందిలో ఒకడు కాకపోవచ్చు. మొదటి రాత్రే వచ్చి వెళ్లిపోయిన పద్దెనిమిదోవాడూ కావచ్చు.

చివరగా సభ్యులకి చెప్పాలి. చాలామంది అడ్మిన్లు దీన్ని పరువు సమస్యగా తీసుకుని మింగేస్తారు. మోసం కుదిరేది సరిగ్గా అలాంటి చోటే. మాట సూటిగా ఉండాలి: "మన లింక్ బయటికి వెళ్లింది, మీ నంబర్లు బయటివాళ్లు చూసి ఉండొచ్చు. డబ్బు గురించిన మాట ఏదైనా గ్రూప్‌లోనే చెబుతాం, విడిగా అడగం. మీ ఫోన్‌కి వచ్చిన ఆరంకెల కోడ్ ఎవరు అడిగినా చెప్పకండి." ఆ ఆరంకెల కోడ్ మీ వాట్సాప్ ఖాతాని ఇంకో ఫోన్లో తెరిచేది. "గ్రూప్ మీటింగ్ కోడ్ పొరపాటున మీకొచ్చింది, చెప్పరూ" అంటూ తెలిసిన పేరుతోనే అడుగుతారు. చెప్పేస్తే ఖాతా పోతుంది, ఆ ఖాతా ఉన్న గ్రూపులన్నిటిలోకీ ఈసారి లింక్ అవసరం లేకుండానే దారి దొరుకుతుంది.

అపోహ: అప్రూవల్ పెట్టాం, ఇక భయం లేదు

అప్రూవల్ అనేది కాపలా. కాపలావాడు నిద్రపోతే కాపలా లేనట్టే. రిక్వెస్ట్ వచ్చినప్పుడు అడ్మిన్‌కి కనబడేది నంబరు, ఆ మనిషి తనకు తాను పెట్టుకున్న పేరు, ఫొటో. ఉమ్మడి గ్రూపులుంటే అవీ తెలుస్తాయి. ఇందులో నంబరు తప్ప మిగతావి రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు. అందుకే రిక్వెస్టులు తెరిచే ముందు చేరాల్సినవాళ్ల నంబర్ల జాబితా చేతిలో ఉండాలి. జాబితాలో లేకపోతే, తెలిసిన పాత నంబరుకి ఫోన్ చేసి "ఈ కొత్త నంబరు మీదేనా" అని అడగాలి. రిక్వెస్ట్ పెట్టిన నంబరుకే ఫోన్ చేసి అడిగితే ఏం తేలుతుంది?

ఇంకో బలహీనత అడ్మిన్ల సంఖ్య. ఏ అడ్మిన్ అయినా అప్రూవ్ చేయొచ్చు. ఎనిమిది మంది అడ్మిన్లుంటే అందరిలోకీ అజాగ్రత్త మనిషి ఎంత జాగ్రత్తపరుడో గ్రూప్ అంత భద్రం. ఇద్దరికో ముగ్గురికో కుదించండి.

అపోహ: రిక్వెస్ట్ రెండు రోజులు ఆగిందంటే నన్ను తిరస్కరించారు, లేదా నా ఫోన్‌కి ఏదో అయింది

ఏమీ అవ్వలేదు, కంగారుపడకండి. అడ్మిన్ ఇంకా చూడలేదు, అంతే. లింక్ తెరవగానే చేరిపోరు. ముందు గ్రూప్ పేరు, బొమ్మ కనబడతాయి, మీరు బటన్ నొక్కితేనే రిక్వెస్ట్ వెళ్తుంది. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. మీరు చూడాల్సింది ఒక్కటే, లింక్ నిజంగా `chat.whatsapp.com/` తోనే మొదలవుతోందా అని. దాన్ని పోలిన ఇంకేదో అడ్రస్ తెరుచుకుని నంబరూ కోడూ అడిగితే అది గ్రూప్ కాదు, వల. నిజమైన లింక్ యాప్‌లోనే తెరుచుకుంటుంది, ఓటీపీ అడగదు.

అపోహ: టెలిగ్రామ్‌లోనూ ఇంతే

ఇక్కడ మాత్రం టెలిగ్రామ్ నయం. ఒకే గ్రూప్‌కి ఎన్నో లింకులు చేసుకోవచ్చు, ఒక్కోదానికీ గడువు, ఎంతమంది వాడొచ్చన్న పరిమితి పెట్టొచ్చు. బహిరంగంగా పెట్టక తప్పని లింక్‌కి ఒక రోజు గడువు ఇచ్చి, దానికో పేరు పెట్టండి. ఏ లింక్‌తో ఎవరొచ్చారో అడ్మిన్‌కి విడిగా కనబడుతుంది, కాబట్టి ఎక్కడ లీకైందో తేలిపోతుంది. అడ్మిన్ అనుమతి కావాలనీ పెట్టొచ్చు, అప్పుడు మందిలెక్క పరిమితి ఉండదు. చూసుకోవాల్సింది పాత మెసేజ్‌ల సంగతి. కొత్త సభ్యులకి పాత చాట్ కనబడాలా వద్దా అన్న సెట్టింగ్ ఉంటుంది, అది కనబడేలా ఉంటే వచ్చినవాడు మొత్తం చదువుకుంటాడు.

వాట్సాప్‌లో బహిరంగంగా పెట్టక తప్పకపోతే, అప్రూవల్ ఆన్ చేసి లింక్ పెట్టండి, ఆ సాయంత్రానికి రిక్వెస్టులు తేల్చేసి లింక్ రీసెట్ చేసేయండి. క్యూఆర్ బొమ్మ కూడా అదే లింకే. రీసెట్ చేశాక గోడ మీద అంటించిన పాత పోస్టర్ పనిచేయదు, కొత్తది ముద్రించుకోవాల్సిందే.