గొడుగు విచ్చుకునే అర సెకను: మార్స్ మీద దిగడం ఎందుకు కష్టమైంది

చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23 సాయంత్రం నుంచి శ్రీకాకుళం సైన్స్ మాస్టార్ల మధ్య ఒక వాదన నడుస్తూనే ఉంది. మార్స్ మీద దిగే ఆలోచన ఇస్రోకు ఉందని పేపర్లో వచ్చినప్పుడల్లా అది మళ్ళీ రాజుకుంటుంది. ఈసారి రాజేసింది ఒక స్కూలు ప్రదర్శన. ఎనిమిదో తరగతి పిల్లవాడు థర్మకోల్‌తో ల్యాండర్ చేసి, పాత గొడుగు గుడ్డతో దానికి ప్యారాచూట్ కట్టాడు. ఇంజన్లు మాత్రం పెట్టలేదు. చూడటానికి వచ్చిన ఇద్దరు ఫిజిక్స్ మాస్టార్లు ఆ బల్ల దగ్గరే నిలబడిపోయారు.

"గాలి లేని చందమామ మీదే దిగాం. మార్స్ మీద గాలి కూడా ఉంది కదా, ప్యారాచూట్ పనిచేస్తుంది. విక్రమ్‌నే కాస్త మార్చి పంపితే సరిపోతుంది" అన్నారు ఒకాయన. "ఆ గాలితోనే వచ్చింది చిక్కంతా మాస్టారూ" అన్నారు రెండో ఆయన.

మంగళయాన్ కథ అందరికీ తెలిసిందే. అది కక్ష్యలో తిరిగింది, కిందికి దిగలేదు. అందుకే దాన్ని పక్కన పెడుతున్నాను. ఈ వాదనకు అసలు మూలం 1965 జులైలో ఉంది.

ఆ నెలలో నాసా నౌక మారినర్-4 అంగారకుడి పక్క నుంచి వెళ్ళి, కాసేపు దాని వెనక్కి పోయింది. కనుమరుగయ్యే ముందు దాని రేడియో సంకేతం అక్కడి గాలిలోంచి దూసుకొచ్చింది. ఆ సంకేతం ఎంత వంగిందో కొలిస్తే గాలి ఎంత ఉందో తేలింది. నేల దగ్గర పీడనం 4 నుంచి 7 మిల్లీబార్లు మాత్రమే. మన సముద్రమట్టం దగ్గర అది 1013. అంతకుముందు 80 మిల్లీబార్లకు పైనే ఉండొచ్చని అంచనాలు ఉండేవి. ఆ లెక్క నిజమై ఉంటే పిల్లవాడి మోడల్ దాదాపు సరిగ్గానే ఉండేది: ఒక మోస్తరు ప్యారాచూట్, కింద చిన్న ఇంజన్. మారినర్-4 తర్వాత ఆ దారి మూసుకుపోయింది.

గాలి పలచన అంటే ఎంత పలచనో మన జిల్లా వాళ్ళకు చెప్పడానికి తిత్లీ తుఫాను ఉంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 150 కిలోమీటర్ల దాకా వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అదే వేగంతో మార్స్ మీద గాలి వీస్తే మనకు ఇక్కడ గంటకు 17, 18 కిలోమీటర్ల గాలి తగిలినట్టు ఉంటుంది. తోసే బలం గాలి సాంద్రతను బట్టి, వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. అక్కడ సాంద్రత మనదానిలో డెబ్భై, ఎనభయ్యో వంతు. కొబ్బరిచెట్టును కూల్చలేని ఆ గాలి టన్ను బరువున్న రోవర్‌ను ఆపాలి.

2021 ఫిబ్రవరి 18న మార్స్ మీద దిగిన నాసా రోవర్ పర్సివరెన్స్‌నే తీసుకుందాం. రోవర్ బరువు 1025 కిలోలు. వాతావరణం పైఅంచుకు చేరేసరికి వేగం గంటకు సుమారు 19,500 కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పున్న హీట్ షీల్డ్ ముందుకు పెట్టుకుని అది గాలిలోకి దూకింది. దాదాపు నాలుగు నిమిషాల్లో వేగం గంటకు 1,500 కిలోమీటర్లకు వచ్చింది. అంటే 90 శాతానికి పైగా వేగాన్ని ఆ పలచని గాలే తీసేసింది. ఇంత వేగాన్ని ఇంజన్లతోనే తగ్గించాలంటే మోసుకుపోవలసిన ఇంధనం భరించలేనంత అవుతుంది. చందమామ మీద గాలి లేకపోయినా విక్రమ్ దిగగలిగింది. ఎందుకంటే అక్కడ కక్ష్య వేగం సెకనుకు 1.7 కిలోమీటర్ల లోపే. మార్స్ దగ్గర పర్సివరెన్స్ వేగం సెకనుకు 5 కిలోమీటర్లు దాటింది. మొదటి మాస్టారి వాదన మొదట తడబడేది ఇక్కడే.

ఇంకా ధ్వని కంటే వేగంగా పోతుండగానే, నేలకు 11 కిలోమీటర్ల పైన, 21.5 మీటర్ల ప్యారాచూట్ తెరుచుకుంది. అది ఉన్నది రెండు నిమిషాల లోపే. అయినా వేగం గంటకు సుమారు 300 కిలోమీటర్లకు మించి తగ్గలేదు. అదే ప్యారాచూట్‌కు అదే బరువు కట్టి మన గాలిలో వదిలితే గంటకు 50 కిలోమీటర్ల దగ్గర దిగుతుంది. మరి అక్కడ ఇంకా పెద్ద గొడుగు కట్టొచ్చు కదా? లెక్క వేసి చూస్తే కుదరదు. వేగం సగం కావాలంటే గొడుగు వెడల్పు రెండింతలు కావాలి. గంటకు 10 కిలోమీటర్లకు తేవాలంటే అర కిలోమీటరు దాటిన గొడుగు కావాలి. దాని బరువు ఒక సమస్య. పలచని గాలిలో అంత గుడ్డ విచ్చుకోవడానికి పట్టే సమయం ఇంకో సమస్య. అందుకే చివరి రెండు కిలోమీటర్లు రాకెట్లే చూసుకోవాలి.

వాదనను తేల్చేది ఆ చివరి రెండు కిలోమీటర్లు కాదని నా అభిప్రాయం. వాటి కంటే ముందు గొడుగు విచ్చుకునే అర సెకను ఉంది.

ప్యారాచూట్‌ను ధ్వని వేగానికి రెండింతల దగ్గరే ఎందుకు తెరవాలి, ఇంకాస్త నెమ్మదించాక తెరవొచ్చు కదా అని అడగొచ్చు. అంతసేపు ఆగితే నేల దగ్గరకు వచ్చేస్తుంది. పలచని గాలిలో నౌక ఆలస్యంగా నెమ్మదిస్తుంది, నెమ్మదించేసరికి కింద ఎత్తు మిగలదు. మరీ ముందు తెరిస్తే ప్యారాచూట్ ముందున్న నౌక వెనక ఏర్పడే గాలి అలజడిలో గొడుగు ముడుచుకుంటూ విచ్చుకుంటూ కొట్టుకుంటుంది, చిరగొచ్చు. ఈ రెండింటి మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. ఆ సందులో గొడుగు నిలుస్తుందో లేదో మామూలు విమానంలోంచి పడేసి చూస్తే తెలియదు. ఎందుకంటే విమానాలు తిరిగే ఎత్తుల్లో మన గాలి చిక్కగా ఉంటుంది.

మారినర్-4 తర్వాత నాసా చేసింది ఇదే. మన వాతావరణంలోనే మార్స్ గాలిని పోలిన చోటు వెతికింది. నేలకు 35, 40 కిలోమీటర్ల పైన గాలి అంత పలచగా ఉంటుంది. బెలూన్‌తో అక్కడికి ఎత్తి, రాకెట్‌తో ధ్వని వేగం దాటించి, అక్కడ ప్యారాచూట్ తెరిచి చూశారు. 1960లలో మొదలైన ఈ పరీక్షలు 1972లో వైకింగ్ నౌకల కోసం న్యూమెక్సికో మీద జరిగిన వాటితో ముగిశాయి. వాటిలో నిలిచిన రూపం చూడటానికి వింతగా ఉంటుంది. పైన బల్లపరుపు గుండ్రని గుడ్డ, దాని కింద ఖాళీ సందు, ఆ కింద చుట్టూ ఒక పట్టీ. ఆ సందులోంచి గాలి పోతుంది కాబట్టి గొడుగు ఊగిసలాడదు. 1976 జులై 20న మార్స్ మీద దిగిన వైకింగ్-1, హీట్ షీల్డ్ పని అయ్యాక అలాంటి 16 మీటర్ల ప్యారాచూట్‌తోనే నెమ్మదించింది.

నా దృష్టిలో అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. వైకింగ్ పరీక్షలకు అయినంత ఖర్చు మళ్ళీ చాలా ఏళ్ళు ఎవరూ పెట్టలేదు. 1997 పాత్‌ఫైండర్ నుంచి 2012 క్యూరియాసిటీ దాకా నాసా ప్యారాచూట్లన్నీ ఆ రూపం మీదా, 1972 నాటి కొలతల మీదా ఆధారపడ్డాయి. బట్ట గట్టితనాన్ని నేల మీద, గాలిని ఊది పరీక్షించే గాలి సొరంగంలో తక్కువ వేగంతో చూశారు. ఎక్కడా ప్యారాచూట్ చిరిగిన దాఖలా లేదు కాబట్టి సందేహం రాలేదు.

2014, 2015లో సందేహం వచ్చింది. ఇంకా బరువైన నౌకల కోసం నాసా 30 మీటర్ల కొత్త ప్యారాచూట్‌ను హవాయి దగ్గర, బెలూన్ మీద, రాకెట్ మీద, పాతకాలపు పద్ధతిలోనే పరీక్షించింది. 2014 జూన్‌లో అది తెరుచుకోగానే చిరిగిపోయింది. రూపం మార్చి, గట్టి చేసి 2015 జూన్‌లో మళ్ళీ చూశారు. అదీ చిరిగింది. ధ్వనిని మించిన వేగంలో గుడ్డ అర సెకను లోపే విచ్చుకుంటుంది. ఆ క్షణంలో బలం గుడ్డంతా సమానంగా పడదు, ఒక్కో కుట్టు మీద ఒక్కో రకంగా పడుతుంది. గాలి సొరంగంలో నిదానంగా బిగిసిన గుడ్డ ఆ సంగతి చెప్పదు.

దీంతో పర్సివరెన్స్ ప్యారాచూట్‌ను ఊరికే నమ్మి పంపలేదు. 2017 అక్టోబరు నుంచి 2018 సెప్టెంబరు దాకా వర్జీనియాలోని వాలప్స్ నుంచి సౌండింగ్ రాకెట్ అనే చిన్న పరిశోధన రాకెట్ మీద మూడుసార్లు పైకి పంపారు. మూడోసారి గొడుగు సెకనులో పదింట నాలుగు వంతుల్లో విచ్చుకుని, 30 టన్నుల బలాన్ని తట్టుకుంది. మార్స్ మీద దానికి అంత బలం పడదు. అయినా అంత దాకా చూసి పంపారు.

గొడుగు చిరగకపోయినా చాలదని 2016 అక్టోబరు 19న యూరప్ వాళ్ళ మార్స్ ల్యాండర్ స్కియాపరెల్లి చూపించింది. దాని ప్యారాచూట్ సరిగ్గానే తెరుచుకుంది. కానీ ఆ కుదుపులో నౌక అనుకున్నదానికంటే వేగంగా ఊగింది. ఊపును కొలిచే పరికరం ఒక సెకను పాటు తన గరిష్ఠ కొలత దగ్గర ఆగిపోయింది. కంప్యూటర్ ఆ కొలతను నమ్మి తాను ఏ వైపు వాలి ఉందో తప్పు లెక్క వేసుకుంది. ఆ తప్పుతో రాడార్ దూరాన్ని ఎత్తుగా మార్చినప్పుడు నేల కంటే కిందే ఉన్నట్టు తేలింది. దిగేశామనుకుని ప్యారాచూట్ వదిలేసింది. ఇంజన్లు 30 సెకన్లు మండాలి, మూడు సెకన్లు మండి ఆగాయి. అప్పటికి నేల ఇంకా 3.7 కిలోమీటర్ల కింద ఉంది. గంటకు 540 కిలోమీటర్ల వేగంతో పడింది. విచారణలో తేలిన కారణాల్లో ప్యారాచూట్ విచ్చుకునేటప్పటి కదలికలను లెక్కలో తక్కువ అంచనా వేయడం ఒకటి.

మొదటి మాస్టారికి ఒప్పుకోవలసిన న్యాయం ఒకటి ఉంది. ప్యారాచూట్ వదిలాక జరిగేది చంద్రయాన్-3 చేసిన పనికి బాగా దగ్గర. ఇంజన్ జోరు తగ్గించుకుంటూ, వేగం కొలుచుకుంటూ, గుంతలు లేని చోటు చూసుకుని దిగడం మనకు వచ్చు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ కూలిన అనుభవం కూడా దానికి పనికొచ్చింది. ఆ భాగంలో మనం వెనకబడి లేము.

గగన్‌యాన్ కోసం ఆగ్రాలో తయారైన ప్యారాచూట్లు ఉన్నాయి కదా అని కూడా ఆయన అన్నారు. ఉన్నాయి. 2022 నవంబరులో ఝాన్సీ దగ్గర బబీనా మైదానంలో విమానంలోంచి పడేసి వాటిలో పెద్దవాటిని పరీక్షించారు. కానీ అది చిక్కని గాలి, ధ్వని కంటే బాగా తక్కువ వేగం. పైన చెప్పిన ఇరుకు సందుకు దాంతో సంబంధం లేదు. దానికి కాస్త దగ్గరగా వచ్చింది 2022 సెప్టెంబరు 3న తుంబాలో జరిగిన పరీక్ష. రోహిణి రాకెట్ మీద పైకి వెళ్ళిన ఒక పరికరం గాలి నింపుకుని ఉబ్బి, దానితోనే నెమ్మదించింది. హీట్ షీల్డ్‌ను అలా పైన ఉబ్బించగలిగితే అది రాకెట్ ముక్కులో పట్టేంత వెడల్పే ఉండాలన్న అడ్డంకి ఉండదు. నౌక ఇంకా ఎత్తులో ఉండగానే నెమ్మదిస్తుంది, ప్యారాచూట్‌కు ఎక్కువ సమయం దొరుకుతుంది.

మిగిలింది 35, 40 కిలోమీటర్ల పైన ధ్వనిని మించిన వేగంలో పెద్ద గొడుగు తెరిచి చూడటం. దానికి కావలసిన సామగ్రిలో కొంత దగ్గరలోనే ఉంది. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం పరిశోధన పరికరాలను స్ట్రాటోస్ఫియర్‌లోకి పంపుతుంది, తుంబాలో సౌండింగ్ రాకెట్లు ఉన్నాయి. రెండో మాస్టారు అడుగుతున్నది ఇదే. ల్యాండర్ బొమ్మ గీసే ముందు ఆ గొడుగును ఎన్నిసార్లు పైకి పంపుతాం, చిరిగితే మళ్ళీ కుట్టి పంపడానికి ఎన్నేళ్ళు కేటాయిస్తాం అని. పిల్లవాడు మాత్రం మర్నాడు తన థర్మకోల్ ల్యాండర్ అడుగున నాలుగు సీసా మూతలు అంటించి, అవి ఇంజన్లని చెప్పాడు.