సరుకు ఎవరి అరలో ఉండాలి?

1999లో అమెరికాలో బూట్లు అమ్మే జాపోస్ సంస్థ మొదలైనప్పుడు దాని దగ్గర సొంత సరుకు లేదు. వచ్చిన ఆర్డర్‌ను తయారీదారుకు పంపితే, అతనే నేరుగా కొన్నవారికి పార్సిల్ వేసేవాడు. డ్రాప్ షిప్పింగ్ అంటే ఇదే. పెట్టుబడి బాధ లేదు గానీ, తయారీదారు ఇచ్చే నిల్వల లెక్క ఎప్పుడూ కొంత పాతబడి ఉండేది. వెబ్‌సైటులో కనిపించిన సైజు గోదాములో అప్పటికే అయిపోయి ఉండేది. అమ్మకాల్లో దాదాపు నాలుగో వంతు ఆ దారిలోనే వస్తున్నా, 2003లో సంస్థ దాన్ని పూర్తిగా వదులుకొని తన గోదాములో ఉన్నదే అమ్మాలని నిర్ణయించుకుంది.

మన దేశంలో ఈ పద్ధతి ఇళ్లలోకి వచ్చింది వాట్సాప్ ద్వారా. 2015లో మొదలైన మీషో వంటి వేదికలు వచ్చాక, సూరత్ వ్యాపారి పెట్టిన చీర ఫొటోను తమ గ్రూపుల్లో పంపి, ధరపై కొంత కలుపుకొని అమ్మడం ఎందరో మహిళలకు ఆదాయమార్గమైంది. అయితే ఒకే ఫొటో వందల గ్రూపుల్లో తిరుగుతుంది కాబట్టి, జాపోస్ ఎదుర్కొన్న చిక్కే ఇక్కడా ఎదురవుతుంది.

ఒక ఊహా లెక్క చూద్దాం. 800 రూపాయల చీరకు క్యాష్ ఆన్ డెలివరీ మీద 20 ఆర్డర్లు వచ్చి, నాలుగు తిరిగొచ్చాయనుకుందాం. సరఫరాదారు విడిగా ఒక్కో చీరకు 560 తీసుకుంటే, కొరియర్‌కు 90, నగదు వసూలుకు 40 పోగా మిగిలేది 110. పదహారింటి మీద 1,760 వస్తుంది. తిరిగొచ్చిన ఒక్కోదానికి రానుపోను ఖర్చు 170 చొప్పున 680 తీసేస్తే చేతికొచ్చేది 1,080. వాపసు వచ్చిన చీరను సరఫరాదారు తీసుకోకపోతే ఒక్కోదానికి 560 ఇరుక్కుపోతుంది, లాభమంతా అందులోనే పోతుంది.

అదే 20 చీరలను 450 చొప్పున టోకున తెచ్చుకుంటే ముందే 9,000 పెట్టాలి. ప్యాకింగ్‌కు 15 పోయినా ఒక్కో అమ్మకం మీద 205 మిగులుతుంది. పదహారింటి మీద వచ్చే 3,280లో, ప్యాకింగ్‌తో కలిపి నాలుగు వాపసుల ఖర్చు 740 తీసేసి, అమ్ముడుపోని నాలుగు చీరలను 300 చొప్పున వదిలించుకున్నా 1,940 దక్కుతుంది. సగం చీరలు మిగిలిపోతే మాత్రం లాభం దాదాపు సున్నా అవుతుంది. అందుకే కొత్త డిజైన్‌ను మొదట సరఫరాదారు దగ్గరి నుంచే పంపించి, అది అడిగి మరీ కొంటున్నారని తేలాకే టోకున తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం.

డెలివరీ ఆలస్యాన్ని అందరూ కొరియర్ మీదికి నెడతారు గానీ, ట్రాకింగ్ పేజీ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. లేబుల్ తయారైన రోజుకూ, కొరియర్ మొదటిసారి స్కాన్ చేసిన రోజుకూ మధ్య మూడు నాలుగు రోజులు తరచూ గడుస్తుంటే, ఆ సరఫరాదారు దగ్గర బహుశా సరుకు లేదు, ఆర్డర్ వచ్చాక బజారులో వెతుకుతున్నాడని అనుమానించాలి. ఆ ఎదురుచూపులో కొనేవారి మనసు మారితే, పార్సిల్ గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి వస్తుంది, ఆ 170 రూపాయలు అమ్మినవారికే పడతాయి.