బంగారం లోను: కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు లెక్కలు

విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో ఒక బ్రాంచిలో నగలు తూచి, గీటురాయి మీద గీసి విలువ కట్టడం నా పని. రోజూ నా ముందు కూర్చునేవాళ్లలో చాలామంది చెవికున్నవీ మెడలోవీ తీసి బల్ల మీద పెట్టినవాళ్లే. వాళ్లకి నష్టం జరిగేది ఎక్కువగా మోసం వల్ల కాదు, లెక్క తెలియక. అందుకే ఒకామె లెక్కనే మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. లోను ఎలా నడుస్తుందో, తేదీ దాటితే ఏమవుతుందో అందులోనే ఉంది. సులువుగా అర్థం కావడానికి అంకెల్ని గుండ్రంగా సర్దాను.

ఆమెది పూసపాటిరేగ వైపు తీరంలో ఒక ఊరు. భర్త గుజరాత్‌లోని వేరావల్‌లో బోట్ల మీద వేటకి వెళ్తాడు. కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజు కోసం కెంపుల హారం, ఒక జత దుద్దులు తెచ్చింది.

అపోహ: "పేపర్లో ధరని బరువుతో గుణిస్తే మన నగ విలువ వచ్చేస్తుంది"

ఆమె నగలు మొత్తం 26 గ్రాములు తూగాయి. ఆ రోజు 22 కేరెట్ల ధర గ్రాము 10,000 అనుకుందాం. "26 గ్రాములకి రెండు లక్షల అరవై వేలు కదా బాబూ, మీరు లక్షన్నర అంటున్నారేటి?" అని ఆమె అడిగింది. అడగడం న్యాయమే.

ముందుగా బరువు సంగతి. లోను ఇచ్చేది బంగారానికి, నగకి కాదు. హారంలోని కెంపులు, వాటి వెనక ఉన్న లక్క, హుక్కుకి ఉన్న వేరే లోహం కలిపి 4 గ్రాములు తీశాను. మిగిలింది 22 గ్రాములు. తర్వాత నాణ్యత. హారం వాళ్ల అత్తగారి కాలం నాటిది, హాల్‌మార్క్ లేదు. గీటురాయి మీదా కేరెట్ మీటర్ మీదా 20 కేరెట్లు చూపించింది. దుద్దులూ అంతే. 22 గ్రాముల 20 కేరెట్ల బంగారం అంటే, 22 కేరెట్ల లెక్కలో 20 గ్రాములు. కాబట్టి విలువ 2,00,000. నగ చేయించినప్పుడు కట్టిన మజూరీ, తరుగు ఇందులోకి రావు.

ధర కూడా ఆ పూట షాపు బోర్డు మీద ఉన్నది కాదు. గత 30 రోజుల సగటు ముగింపు ధర ఒకటి, ముందు రోజు ముగింపు ధర ఒకటి చూసి, రెండింట్లో ఏది తక్కువైతే అది తీసుకోవాలి. ఇది రిజర్వ్ బ్యాంక్ నియమం. అందుకే ధర ఒక్కసారిగా పెరిగిన వారంలో వచ్చినవాళ్లకి "తక్కువ కట్టారు" అనిపిస్తుంది.

మీరు చేయాల్సింది ఒకటుంది. తూచేటప్పుడు, గీసేటప్పుడు ఎదురుగానే కూర్చోండి. మొత్తం బరువు, తీసేసిన బరువు, అది ఎందుకు తీశారు, కేరెట్, కట్టిన విలువ, నగల ఫొటో ఇవన్నీ ఉన్న కాగితం అడిగి తీసుకోండి. అది ఇవ్వడం మా బాధ్యత. మీకు తెలిసిన భాషలో వివరించడం కూడా.

అపోహ: "నూటికి రూపాయి వడ్డీ అంటే ఎలా కట్టినా ఒకటే"

నాకు తెలిసి ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది.

విలువలో ఎంత శాతం దాకా లోను ఇవ్వచ్చో దాన్ని ఎల్‌టీవీ అంటారు. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సొంత అవసరాల లోన్లకి హద్దులు ఇవి: రెండున్నర లక్షల వరకు 85 శాతం, అక్కడి నుంచి ఐదు లక్షల వరకు 80, ఆపైన 75. అందరూ వీటిని అమల్లోకి తేవడానికి పెట్టిన ఆఖరి గడువు 2026 ఏప్రిల్ 1. ఇది గరిష్ఠ పరిమితి, అంత ఇచ్చి తీరాలని కాదు. వ్యవసాయ, వ్యాపార లోన్ల లెక్క వేరు.

ఆమె నగల విలువ రెండు లక్షలు కాబట్టి 85 శాతమంటే 1,70,000. మరి చేతికి లక్షన్నరే ఎందుకు? ఆమె ఏడాది చివర్లో అసలూ వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతి అడిగింది. మేం దాన్ని బులెట్ స్కీము అంటాం. భర్త సీజన్ ముగిసి ఇంటికొచ్చినప్పుడే వాళ్ల చేతిలో డబ్బు ఆడుతుంది కాబట్టి ఆమెకి అదే నచ్చింది. ఈ పద్ధతిలో 85 శాతాన్ని ఈ రోజు ఇచ్చే సొమ్ము మీద చూడరు, గడువు నాటికి కట్టాల్సిన మొత్తం మీద చూస్తారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. లక్షన్నర తీసుకుంటే ఏడాది చివరికి 1,68,000 అవుతుంది. అది 1,70,000 లోపు ఉంది కాబట్టి సరిపోయింది. అదే నెలనెలా వడ్డీ కట్టే పద్ధతిలో అయితే 1,70,000 దాకా ఇవ్వడానికి వీలుండేది.

నెలవారీ వడ్డీలో అప్పు ఎక్కడ ఉన్నది అక్కడే ఉంటుంది. బులెట్‌లో నగ మీద బరువు నెలనెలా పెరుగుతుంది, కానీ ఏడాదంతా ఎవరూ అడగరు కాబట్టి కనిపించదు. సొంత అవసరాల బులెట్ లోనుకి గడువు 12 నెలలు మించకూడదు.

ఇంకో రకం స్కీములున్నాయి. బోర్డు మీద తక్కువ రేటు కనిపిస్తుంది, కానీ అది ప్రతి నెలా వడ్డీ కట్టినవాళ్లకే. కట్టకుండా 90 రోజులు దాటితే పై రేటు పడుతుంది, అదీ మొదటి రోజు నుంచీ. లక్షన్నర మీద రూపాయి రేటుకి మూడు నెలల వడ్డీ 4,500 అయితే, రెండు రూపాయల మెట్టు ఎక్కగానే 9,000. సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: "నేను ఆర్నెల్లు ఒక్క రూపాయి కట్టకపోతే ఎంత అవుతుంది? కాగితం మీద రాసివ్వండి." నెలనెలా కట్టగలనన్న నమ్మకం లేనివాళ్లు ఇలాంటి స్కీము తీసుకోవడం నాకు ఇష్టం ఉండదు, ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఆ మాటే చెబుతాను.

అపోహ: "గడువు దాటిన మర్నాడే వేలం వేసేస్తారు"
దాని ఎదురు అపోహ: "ఎన్నాళ్లున్నా బంగారం ఎక్కడికీ పోదు"

రెండూ తప్పే. మధ్యలో కొన్ని మెట్లున్నాయి.

గడువు దాటిన రోజు నుంచి కట్టని మొత్తం మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, దానికి ఆలస్య రుసుము తోడవుతుంది. ఈ రుసుమును అసలులో కలిపి మళ్లీ దాని మీద వడ్డీ వేయకూడదు. 2024 ఏప్రిల్ నుంచి ఇచ్చిన లోన్లకి ఇది వర్తిస్తుంది. బాకీ 90 రోజులు దాటితే మా పుస్తకాల్లో అది మొండి బాకీ అవుతుంది. మీ సిబిల్ రికార్డులోనూ ఆలస్యం కనిపిస్తుంది. ఆ తర్వాత ఆ లోనుని తిరగరాయడానికి, అంటే కొత్త గడువుతో మళ్లీ రాయడానికి, మాకు వీలుండదు. వేలానికి ముందు మీకు తగినంత గడువుతో నోటీసు ఇవ్వాలి. ఎప్పుడు, ఎలా వేలం వేస్తారో ఒప్పందంలోనే ఉండాలి. రెండు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, అందులో ఒకటి మన భాషది.

ఆమె విషయంలో తప్పింది నోటీసు దగ్గరే. గడువు నెలలో తల్లికి ఒంట్లో బాగోలేక పుట్టింట్లో ఉంది. సిమ్ మార్చింది, మాకు చెప్పలేదు. మెసేజ్‌లు పాత నంబరుకి పోయాయి, రిజిస్టర్డ్ ఉత్తరం ఇంట్లో ఎవరూ లేరని వెనక్కి వచ్చింది. వేట మీద, వలస పనుల మీద ఇళ్లకి తాళాలు వేసే మన జిల్లాల్లో ఇది నేను పదేపదే చూస్తున్నదే. అడ్రసుకి ఉత్తరం పంపితే మా వైపు నుంచి కాగితం సరిగ్గానే ఉంటుంది. మనిషికి మాత్రం విషయం చేరదు.

అపోహ: "కట్టలేకపోతే నగ వదిలేస్తే లెక్క సరిపోతుంది"

సరిపోదు, అది రెండు వైపులా నిజం. ఈలోగా ధర గ్రాము 9,000కి దిగిందనుకోండి. 2 లక్షల నగ విలువ ఇప్పుడు 1,80,000. వేలంలో కనీస ధర ఆ రోజు విలువలో 90 శాతానికి తగ్గకూడదు, అంటే 1,62,000. రెండుసార్లు వేలం పాట కుదరకపోతే 85 శాతానికి దిగొచ్చు. వడ్డీ, ఖర్చులతో బాకీ 1,76,000కి చేరి, పాట 1,62,000 దగ్గర ఆగితే, నగ పోయాక కూడా 14,000 ఆమె కట్టాల్సి ఉంటుంది.

ధర 11,000కి పెరిగి, పాట 2,05,000 పలికితే? బాకీ పోను 29,000 ఆమెదే. వేలం సొమ్ము మొత్తం అందాక 7 పనిదినాల్లో ఆమెకి తిరిగి ఇవ్వాలి. వేలం మాట వినగానే అవమానంతో బ్రాంచి వైపు రావడం మానేసేవాళ్లను నేను చూశాను. దయచేసి రండి, వేలం లెక్క కాగితం అడగండి. అది మీ డబ్బు.

"వడ్డీ కట్టి తిరగరాయించుకుంటే చాలు" అన్నది అపోహా?

సగం నిజం. ఆమె గడువు దాటిన రెండు నెలలకి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. 90 రోజుల గీత ఇంకా దాటలేదు. బాకీ లెక్క వేశాం. అసలు 1,50,000, ఏడాది వడ్డీ 18,000, రెండు నెలల వడ్డీ 3,360, ఆలస్య రుసుము 560. మొత్తం 1,71,920. చేతిలో ఉన్నది పాతికవేలు.

అసలు పక్కన పెడితే కట్టాల్సింది 21,920. బులెట్ లోనులో పేరుకున్న వడ్డీ కడితేనే తిరగరాయొచ్చు. కట్టడానికి ఆమె సిద్ధమే. కానీ ధర 9,000కి దిగి ఉంది. నగ విలువ 1,80,000, దానిలో 85 శాతం 1,53,000. మళ్లీ బులెట్‌లోనే రాస్తే ఏడాది వడ్డీ కలిపి ఆ హద్దులో ఉండాలి కాబట్టి అసలు 1,36,600 దాటకూడదు. అంటే వడ్డీ కాక అసలులో ఇంకో 13,400 కట్టాలి. అది ఆమె దగ్గర లేదు.

నెలవారీ వడ్డీకి మారిస్తే? 1,50,000 అనేది 1,53,000 లోపే ఉంది. సరిపోయింది. 21,920 కట్టించుకుని, నెలకి 1,500 వడ్డీ పద్ధతిలో రాశాం.

రాసేటప్పుడు ఆమె అడిగింది, దుద్దులు మాత్రం ముందు విడిపించుకోవచ్చా, అమ్మాయికి కావాలి అని. రెండూ ఒకే ప్యాకెట్‌లో, ఒకే లోను కింద ఉంటే అది అంత సులువు కాదు. ఎలాగూ కొత్తగా రాస్తున్నాం కాబట్టి ఆమె ఎదురుగానే పాత సీలు తెంపి, మళ్లీ తూచి, హారానికి ఒక లోను, దుద్దులకి ఒక చిన్న లోను చేసి విడివిడి ప్యాకెట్లలో కట్టాం. కొత్తగా పెట్టేవాళ్లకి నేను మొదటే చెప్పే మాట ఇదే: ముందుగా విడిపించుకోవాలనుకునే వస్తువుని, ముఖ్యంగా పుస్తెలతాడుని, వేరే లోను కింద పెట్టండి. పూర్తిగా కట్టేశాక ఆ వస్తువు 7 పనిదినాల్లో మీ చేతికి రావాలి. మా తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున పరిహారం ఇవ్వాలి.

కొత్త దరఖాస్తులో ఫోన్ నంబరు గడి దగ్గర ఆమె కాసేపు ఆగింది. తన కొత్త నంబరు రాసి, కింద కూతురి నంబరు, వేరావల్‌లో ఉన్న భర్త నంబరు కూడా రాయించింది.