ముద్దగా ఉన్న గొంతుకి హైపాస్ ఒక్కటే మందా? అపోహలు - వాస్తవాలు

మైక్‌ని మూతికి ఆనించుకుని రికార్డ్ చేశాక గొంతు ముద్దగా వచ్చిందని దిగులుపడేవాళ్లు చాలామంది. దిగులు అక్కర్లేదు, చాలావరకు సరిచేయవచ్చు. కానీ సరిచేస్తున్నామనుకుని చేసే ఒక పని ఆ గొంతుని ఇంకా పాడుచేస్తోంది. అది హైపాస్‌ని ఇష్టమొచ్చినట్టు పెంచడం. హైపాస్ అంటే కింది ఫ్రీక్వెన్సీలను కోసేసే ఫిల్టర్, ఆ కోత ఎక్కడ మొదలవుతుందో చెప్పేది కటాఫ్.

అపోహ: హైపాస్ కటాఫ్‌ని ఎంత పైకి లాగితే గొంతు అంత తేటపడుతుంది.

అందరికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. కార్డియాయిడ్ మైక్‌కి నోరు మరీ దగ్గరైతే బేస్ పెరుగుతుంది, అదే ప్రాక్సిమిటీ ఎఫెక్ట్. ఆ పెరుగుదల ఒక్క చోట గుట్టగా ఉండదు. కింది ఫ్రీక్వెన్సీల వైపు పోయేకొద్దీ ఎక్కువవుతూ వాలుగా ఉంటుంది. చెవికి ముద్దగా తగిలేది మాత్రం ఎక్కువగా 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య భాగం. హైపాస్ అక్కడిదాకా చేరాలంటే గొంతు పునాదిని తొక్కుకుంటూ వెళ్లాలి.

లెక్క వేసి చూడండి. మగ గొంతు, మూల స్వరం 110 హెర్ట్జ్, దాని హార్మోనిక్స్ 220, 330. ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ స్లోప్ ఉన్న హైపాస్‌ని 200 దగ్గర పెట్టారనుకోండి. 110 దగ్గర సుమారు 21 డెసిబెల్స్ పోతుంది, అంటే పునాది దాదాపు మాయం. 220 దగ్గర రెండు డెసిబెల్స్ కూడా తగ్గదు. 330 దగ్గర ఏమీ తగ్గదు. ఉండాల్సింది పోయింది, పోవాల్సింది మిగిలింది! గొంతు పీలగా, అయినా ముద్దగానే వినిపిస్తుంది. అప్పుడు ఇంకా చాల్లేదనుకుని కటాఫ్‌ని 250కి లాగుతారు.

వాస్తవం: హైపాస్ పని అడుగున చెత్త ఊడ్చడం. ముద్దతనం తీయాల్సింది ఈక్యూ, అంటే ఎంచుకున్న ఫ్రీక్వెన్సీలను పెంచే, తగ్గించే సాధనం.

అదే గొంతుకి చేయాల్సింది ఇది. హైపాస్‌ని 80 దగ్గర, ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ స్లోప్‌తో పెట్టండి. 110 దగ్గర ఒక్క డెసిబెల్ పోతుంది, 40 దగ్గర పన్నెండు పోతాయి. టేబుల్ అదురు, ఫ్యాన్ గుర్రు లాంటివి అక్కడే చాలావరకు తగ్గుతాయి. మూల స్వరం 200 దాకా ఉండే ఆడ గొంతైతే కటాఫ్ 100 దాకా వెళ్లినా ఫర్వాలేదు.

తర్వాత లో షెల్ఫ్, అంటే ఒక ఫ్రీక్వెన్సీకి కింద ఉన్నదంతా కలిపి దించే ఈక్యూ. 180 దగ్గర పెట్టి 4 డెసిబెల్స్ తగ్గించండి. ప్రాక్సిమిటీ వాలుగా పెంచింది కాబట్టి వాలుగానే దించాలి. షెల్ఫ్ చేసే పని దాదాపు అదే.

ఆ తర్వాత కూడా ‘బంగారం’, ‘గోడ’ లాంటి మాటల్లో అచ్చు ఉబ్బినట్టుంటే 320 దగ్గర ఒక బెల్, అంటే ఆ ఫ్రీక్వెన్సీ చుట్టూ మాత్రమే పనిచేసే ఈక్యూ పెట్టి, క్యూ 1తో 3 డెసిబెల్స్ తగ్గించండి. క్యూ పెరిగేకొద్దీ కోత సన్నబడుతుంది. క్యూ 6, 8 పెట్టి సన్నగా కోయకండి. మాట్లాడేటప్పుడు స్వరం పైకీ కిందికీ కదులుతుంది, సన్నటి కోత ఒక అక్షరాన్ని పట్టుకుని పక్కదాన్ని వదిలేస్తుంది. తగ్గించాక గొంతు ముక్కుతో మాట్లాడినట్టు అనిపిస్తే ఎక్కువ కోసేశారన్నమాట. ఒక డెసిబెల్ వెనక్కి ఇవ్వండి.

పోల్చేటప్పుడు ఈక్యూ అవుట్‌పుట్‌ని పెంచి, ఈక్యూ ఆన్‌లోనూ బైపాస్‌లోనూ శబ్దం సమానంగా ఉండేలా చూసుకోండి. బేస్ తీసేస్తే శబ్దం కూడా తగ్గుతుంది. ఈ సర్దుబాటు చేయకపోతే పాతదే బాగుందని చెవి మోసపోతుంది. ఇదంతా హెడ్‌ఫోన్స్‌లో వినాలి. ఫోన్ స్పీకర్ అడుగు బేస్‌ని దాదాపు పలకదు, అందులో విని షెల్ఫ్ ఎంత దించాలో తేల్చలేరు.

అపోహ: ట్రెబుల్ పెంచితే సరిపోతుంది.

సరిపోదు. ముద్ద అలాగే ఉంటుంది, దానిమీద స, శ బుసలు కూడా చేరతాయి. ముందు కింద తగ్గించండి, చాలాసార్లు పైన ముట్టుకోవాల్సిన అవసరమే రాదు.

అపోహ: ముందు కంప్రెసర్, తర్వాత ఈక్యూ.

ఈ గొంతుకి వద్దు. కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని అణిచేస్తుంది. ఇక్కడ ఉబ్బిన బేస్‌కే అది స్పందించి, మాట మొత్తాన్ని దానితో పాటు కిందికి లాగుతుంది. ముందు శుభ్రం చేయండి.

అపోహ: ‘ప’, ‘భ’ దగ్గర కొట్టే గాలిదెబ్బ కూడా ఈక్యూతోనే పోతుంది.

ఆ దెబ్బ కోసం ట్రాక్ అంతటికీ హైపాస్ పెంచకండి. వేవ్‌ఫామ్‌లో ఆ ఒక్క అక్షరం మొదట్లో ఉన్న పెద్ద, నెమ్మది అలని ఎంచుకుని, అంతమేరకే 150 దగ్గర హైపాస్ వేయండి. రెండు చివర్లా చిన్న ఫేడ్ ఇవ్వకపోతే అక్కడ టిక్కుమంటుంది.

ఇక ఈ సెట్టింగ్స్‌కి లొంగనిది తల కదలిక. మనిషి ఒక వాక్యంలో మైక్‌కి 3 సెంటీమీటర్ల దూరంలో, తర్వాతి వాక్యంలో 12 సెంటీమీటర్ల దూరంలో ఉంటే బేస్ కూడా మారిపోతుంది. దగ్గరి వాక్యానికి కుదిరిన షెల్ఫ్ దూరపు వాక్యాన్ని పీలగా చేస్తుంది. అలాంటప్పుడు దగ్గరి వాక్యాలను వేరే ట్రాక్‌కి కోసి, షెల్ఫ్‌ని ఆ ట్రాక్‌కి మాత్రమే వేయండి. హైపాస్ రెండింటికీ ఒకటే ఉండొచ్చు.