నీలి పొగ ఎప్పుడొస్తోంది?

హనుమకొండ చౌరస్తాలో ముందున్న బండి సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తే, చూసినవాళ్లంతా బోర్ పోయిందనే, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ గోడ అరిగిందనే తేల్చేస్తారు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ పెట్రోలుతో కలవకుండా విడిగా తిరుగుతుంది కాబట్టి, నీలి పొగ అంటే ఆ ఆయిల్ ఎక్కడో హద్దు దాటి మండుతోందన్న మాట నిజమే. కానీ ఆ హద్దులు రెండు: కింద పిస్టన్ రింగులు, పైన వాల్వ్ కాడల చుట్టూ ఉండే చిన్న రబ్బరు సీళ్లు. ఏది అరిగిందో చెప్పేది పొగ వచ్చే సమయమే.

అరవై వేల కిలోమీటర్లు తిరిగిన ఒక 100 సీసీ బండి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని నీలి పొగ వదిలి, కాసేపటికి తేటపడుతుందనుకుందాం. రాత్రంతా నిలిపి ఉంచినప్పుడు పైనున్న ఆయిల్ గట్టిపడిన సీళ్ల సందుల్లోంచి జారి వాల్వుల దగ్గర చేరింది. అదే బండి రేస్ వదిలేసి వాలు దిగి, మళ్లీ రేస్ ఇచ్చినప్పుడు కూడా పొగ వదిలితే అనుమానం బలపడుతుంది; ఎందుకంటే రేస్ మూసినప్పుడు లోపలికి గాలి పీల్చే దారిలో పీడనం బాగా తగ్గి, వాల్వ్ కాడ వెంట ఆయిల్‌ను లాగుతుంది. రింగులో, బోరో అరిగితే మాత్రం ఇద్దరిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కుతున్నప్పుడు పొగ ఆగకుండా వస్తుంది.

"బోర్ చేయించాలె అన్నా" అనే మెకానిక్‌ను ముందు కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో పుట్టే పీడనం, చూడమనాలి. ప్లగ్ విప్పి గేజ్ బిగించి, రేస్ పూర్తిగా తెరిచి కిక్ కొట్టి కొలవాలి. తర్వాత ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె బాగా పెరిగినప్పుడు తప్పు రింగులదో బోరుదో, ఆ ఆయిల్ వాటి సందులను తాత్కాలికంగా మూసింది కనుక. మొదటి కొలతే బాగుండి, పోసినా పెద్దగా మారకపోతే బోర్ జోలికి పోనక్కరలేదు. హెడ్ విప్పి సీళ్లు మార్చాలి. అప్పుడే వాల్వును దాని కాడ జారే గొట్టమైన గైడులో అటూ ఇటూ కదిలించి చూడాలి, గైడు వదులైతే కొత్త సీలు కూడా త్వరగానే పాడవుతుంది.

తెల్ల పొగకు అంత భయం అక్కరలేదు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. చలికాలం ఉదయం అదే ఆవిరిగా కనబడి, సైలెన్సర్ వేడెక్కాక మాయమవుతుంది. కూలెంట్ ఉండే బండిలో తెల్ల పొగ ఆగకపోయినా, కూలెంట్ తగ్గుతున్నా హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

నల్ల పొగ పెట్రోలు ఎక్కువవుతోందని, లేదా గాలి చాలడం లేదని చెబుతుంది. గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ దారుల్లో ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోవడం మామూలే. ఇది అరుగుదలకు గుర్తు కాదు గానీ, వదిలేస్తే కారణమవుతుంది: మండని పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేసి రింగులను తొందరగా అరగదీస్తుంది. విసుగొచ్చి ఫిల్టర్ తీసేసి తిరిగేవాళ్ల బండ్లలో ఆ పని దుమ్మే ఇంకా వేగంగా చేస్తుంది.